అప్పు ఆమె పేరున, తక్‌పట్టీ ఆయన పేరున: గుంటూరు పల్లెలో రెండు రోజులు

గుంటూరు ఎన్టీఆర్ బస్టాండులో పర్చూరు బస్సెక్కితే, ఏటుకూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి మొదలవుతుంది. ఫిబ్రవరి మొదటి వారం. పత్తి చేలల్లో చివరి ఏరుడు అయిపోయి ఎండుకట్టె మిగిలింది. మిర్చి చేలల్లో మాత్రం కోతలు జోరుగా సాగుతున్నాయి, కళ్లాల్లో కాయ ఎర్రగా పరుచుకుని ఉంది. పుల్లడిగుంట దగ్గర్నుంచీ కూలీల ఆటోలు ఎదురవుతూనే ఉన్నాయి. అందులో నూటికి తొంభైమంది ఆడవాళ్లే. ప్రత్తిపాడులో దిగి లోపలి ఊరికి ఆటో పట్టుకున్నాం. ఆ ఊళ్లో చూసినవి ఒక సంఘం లెక్కలు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు.

డ్వాక్రా సంఘాలు ఆడవాళ్లకు నిజంగా బలం ఇచ్చాయా లేదా అనే వాదన సామాజికశాస్త్రంలో ఏళ్ల తరబడి నడుస్తోంది. బ్యాంకు మెట్లెక్కించాయి, వడ్డీ వ్యాపారి పట్టు సడలించాయి అంటారు కొందరు. అప్పు తెచ్చి ఇంట్లో మగవాడికిచ్చే వాహకాలుగా ఆడవాళ్లను వాడుకున్నారు, అంతే అంటారు ఇంకొందరు. అప్పు ఎంత వచ్చిందో చూస్తే ఈ వాదన తేలదు. ఒక అప్పును బ్యాంకులో బయల్దేరిన దగ్గర్నుంచి, దాని మీద వచ్చిన ఆదాయం ఎవరి చేతిలో పడుతుందో అక్కడిదాకా వెంట నడిస్తేనే తేలుతుంది. మేమిద్దరం వెళ్లింది ఆ పనికే.

సమావేశం రామాలయం అరుగు మీద, రాత్రి ఏడున్నరకి. మిగతా నెలల్లో సాయంత్రం ఐదింటికే పెట్టుకుంటారట. కోతలప్పుడు కూలి నుంచి వచ్చి, నీళ్లు పోసుకుని, వంట చేశాకే కుదురుతుంది. పదిమంది సభ్యులు. కొందరి వేళ్లకు కాయ కోసిన మంట ఇంకా తగ్గలేదు, కూర్చున్నంతసేపూ చేతులు కొంగుతో తుడుచుకుంటూనే ఉన్నారు. గ్రామ సంఘం సహాయకురాలు తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ ముందు పెట్టింది.

బ్యాంకు లింకేజీ అప్పు 5 లక్షలు. పదిమందికీ సమానంగా తలా 50 వేలు పంచుకున్నారు. 36 నెలల గడువు, పదిశాతం వడ్డీ అనుకుని లెక్క వేస్తే సంఘం వాయిదా నెలకు 16,134 రూపాయలు, మనిషికి 1,613. దానికి నెల పొదుపు వంద కలిపితే 1,713. చిల్లర సర్ది 1,720 చొప్పున వసూలు చేస్తున్నారు.

సమానంగా పంచుకోవడం చూడ్డానికి న్యాయంగా ఉంటుంది. నిజానికి చిక్కు మొదలయ్యేది అక్కడే. ఎవరికి ఏ పనికి ఎంత కావాలో రాసుకుని, ఆ ప్రణాళిక ప్రకారం అప్పు ఇవ్వాలన్నది పద్ధతి. కాని అప్పుకు బాధ్యత అందరిదీ. "దాని వాయిదా ఆగితే మా పొదుపే కదా పొయ్యేది, మరి దానికి ఎక్కువెందుకియ్యాల?" అని ఒకామె మొహం మీదే అడిగింది. ఆమె భయంలో తప్పేమీ లేదు. ఫలితం మాత్రం ఇలా ఉంటుంది: గేదె కొనాలంటే లక్ష దాకా కావాల్సిన మనిషికి 50 వేలే చేతికొస్తుంది. ఏ అవసరం లేని మనిషికీ 50 వేలు వస్తుంది. ఆమె దాన్ని చుట్టాలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుతుంది. తక్కువ పడ్డ మనిషి బయట అప్పు చేస్తుంది.

ఆ బయట అప్పు ఇప్పుడు ఎక్కువగా మైక్రోఫైనాన్స్ నుంచే వస్తోంది. అయిదుగురిని ఒక గుంపు చేసి ఇస్తారు. డ్వాక్రా సంఘంలో సొంత పొదుపు ఉంటుంది, తీర్మానం ఉంటుంది. ఈ గుంపులో ఉండేది ఒకరికొకరు పూచీ మాత్రమే. 50 వేలకు పన్నెండు శాతం ఫ్లాట్ వడ్డీ అని చెబితే తక్కువే అనిపిస్తుంది. రెండేళ్లకు వడ్డీ 12 వేలు, మొత్తం 62 వేలు, నెలకు 2,583. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి 50 వేల మీదే కట్టడం వల్ల నిజమైన రేటు ఏడాదికి దాదాపు 21.5 శాతానికి తేలుతుంది. అరుగు మీద కాగితం తీసి ఈ లెక్క వేసి చూపిస్తే, పెద్దామె ఒకామె వాయిదా కార్డు తెచ్చి మళ్లీ వెయ్యమంది. రెండోసారి అంకెలు తనే పలికింది.

ఈ ప్రాంతానికి ఈ కథ కొత్తది కాదు. 2006లోనే పక్కనున్న కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ శాఖలను మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారంవారం ఇంటి ముందు వసూళ్లు ఆపి నెలకోసారి పంచాయతీ కార్యాలయంలో కట్టించుకోవాలని, బ్యాంకు అప్పున్న సంఘం సభ్యురాలికి మళ్లీ అప్పివ్వాలంటే ముందు అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. హైదరాబాద్ బస్తీల్లో 104 ప్రాంతాలను తీసుకుని, సగం చోట్ల ముందుగా మైక్రోఫైనాన్స్ శాఖలు తెరిపించి పోల్చిన పరిశోధన 2015లో అచ్చయింది. ఇంట్లో నిర్ణయాల్లో ఆడవాళ్ల మాట పెరిగిన దాఖలా ఏమీ అందులో దొరకలేదు. అది పట్నపు బస్తీల్లో, మైక్రోఫైనాన్స్ గుంపుల మీద చేసిన పరిశోధన. పల్లె పొదుపు సంఘానికి దాన్ని ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు.

పాస్‌బుక్ తిరగేస్తే ఇంకో సంగతి కనిపించింది. పేజీల నిండా రెండు రకాల పద్దులే: పొదుపు జమ, వాయిదా కోత. సంఘం తన డబ్బు తీసి సభ్యులకు అప్పిచ్చిన పద్దు చాలాకాలంగా ఒక్కటీ లేదు. ఏ సంఘానికైనా ప్రాణం ఉందో లేదో ఇలాగే పట్టుకోవచ్చు. పదిమంది నెలకు వంద చొప్పున వేస్తే ఏడాదికి 12 వేలు, పదేళ్లకు వడ్డీ కాకుండానే లక్షా ఇరవై వేలు. ఆ డబ్బు పొదుపు ఖాతా వడ్డీకి నిద్రపోతుంటే, వేసినవాళ్లే బయట రెండు రూపాయల వడ్డీ కడుతున్నారు. అదే డబ్బు లోపల నూటికి రూపాయి వడ్డీకి తిప్పుకుంటే వడ్డీ కూడా సంఘానికే మిగులుతుంది. ఎందుకు తియ్యడం లేదంటే, అప్పున్నంత కాలం పొదుపు ముట్టుకోకూడదని బ్యాంకులో చెప్పారన్నారు. 10 లక్షల లోపు సంఘం అప్పులకు పొదుపు ఖాతాను తాకట్టుగా పట్టి ఉంచకూడదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ మాట తెలిస్తే చాలదు, తీర్మానం రాసి సంతకాలతో తీసుకెళ్లి ఇవ్వాలి. నోటిమాటకు నోటిమాటే జవాబు వస్తుంది.

తెల్లారి ఐదున్నరకి పాలకేంద్రం దగ్గర నిలబడ్డాం. సంఘంలో ఇద్దరు గేదె కొన్నారు. ఒకామె క్యాను దించింది, కొలిచారు, వెన్నశాతం తెర మీద పడింది, ఆమె పేరున చీటీ వచ్చింది. ఆమె దాన్ని చదివి, మడిచి జాకెట్లో పెట్టుకుంది. పదిరోజులకోసారి బిల్లు, సొమ్ము ఆమె ఖాతాలోకే. నెలలో మూడు బిల్లులు కాబట్టి వాయిదా ఒక బిల్లులో సర్దుకుంటుంది. చిక్కల్లా గేదె వట్టిపోయిన నెలల్లో వస్తుంది. పాలు ఆగినా వాయిదా ఆగదు. ఆ నెలలకు ముందే కొంత దాచుకోవాలి, లేదా రెండో గేదె ఉండాలి. 50 వేలతో రెండో గేదె రాదు.

మిగతా ఎనిమిదిమందిలో ఐదుగురి డబ్బు మిర్చి కౌలుకు వెళ్లింది. ఎకరా మిర్చికి పెట్టుబడే లక్షన్నర దాటుతుంది, కౌలు దానికి అదనం. కౌలురైతుకు బ్యాంకు పంటరుణం రావాలంటే సాగుహక్కు పత్రం కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ పత్రానికి భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, పెట్టేవాళ్లు తక్కువ. భర్తకు బ్యాంకు తలుపు మూసుకుపోయింది, భార్యకు సంఘం ద్వారా తెరుచుకుంది. పంటరుణంగా రావాల్సిన డబ్బు డ్వాక్రా రుణంగా వస్తోంది. భర్తలు దౌర్జన్యంగా లాక్కుంటున్నారని తేల్చేస్తే ఈ కారణం కనపడకుండా పోతుంది. చాలా ఇళ్లలో ఇద్దరూ కూర్చుని అనుకున్న పనే ఇది.

అయినా లెక్క ఎక్కడ తిరగబడుతుందో చూడాలంటే గుంటూరు మిర్చి యార్డుకు రావాలి. ఉదయం తొమ్మిదికి ఘాటుకు కళ్లు మండుతున్నాయి, ముక్కుకు తువ్వాలు కట్టుకోకపోతే నిలబడలేం. ఆ ఊరి నుంచి రాత్రి లారీలో వచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక టిక్కీ కోసి కాయ విరిచి రంగు చూశారు, ధర పలికింది, కాటా అయింది. కమిషన్ వ్యాపారి అమ్మకం చీటీ, అదే తక్‌పట్టీ, రాశాడు: పేరు, టిక్కీలు, నికర బరువు, ధర, కోతలు, చేతికొచ్చేది. పేరు భర్తది. విత్తనానికి, మందులకు ముందు ఇచ్చిన డబ్బు వ్యాపారి అందులోనే పట్టుకున్నాడు, భర్త మారు మాట్లాడకుండా మిగిలింది లెక్కపెట్టుకున్నాడు. సంఘం అప్పుకు ఆ చీటీలో గడే లేదు. వ్యాపారి బాకీ మొదట తీరుతుంది, భార్య పేరున ఉన్న బాకీ ఆమె కూలిలోంచి నెలనెలా తీరుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకూలి ఉంటుంది కాబట్టి 1,720 వెళ్లిపోతుంది. మే, జూన్ నెలల్లో పని ఉండదు. బయటి వాయిదా కార్డు ఇంట్లోకి వచ్చేది ఆ రెండు నెలల్లోనే. ముందురాత్రి అరుగు మీద మూడు కార్డులు చూశాం, రెండింటి మీద మొదటి వాయిదా జూన్‌దే.

సామాజిక ఆర్థికవేత్త నైలా కబీర్ సాధికారతను మూడుగా విడదీసి చూడమంటారు: వనరు, దాని మీద నిర్ణయం, దాని వల్ల ఒరిగిన ఫలితం. ఈ సంఘంలో పదిమందికీ వనరు సమానంగానే అందింది. నిర్ణయం, ఫలితం రెండూ పాలచీటీ మీద పేరున్న ఇద్దరి దగ్గరే కనిపించాయి. తేడా ఆ ఇద్దరి ధైర్యంలో లేదు, డబ్బు తిరిగి వచ్చే దారిలో ఉంది. కౌలు పత్రంలో భార్య పేరు కూడా రాయించి, తక్‌పట్టీ ఇద్దరి పేరునా తీసుకుంటే వాయిదాలో సగమైనా పంట మీదే పడుతుంది. గ్రామ సంఘం సహాయకురాలికి ఈ మాట చెబితే, "రాస్తారండీ, అడిగితే రాస్తారు. అడిగేదెవరు?" అంది.

యార్డు గేటు దగ్గరుండగా ఆమె దగ్గర్నుంచే ఫోనొచ్చింది. పొదుపులోంచి 40 వేలు తీసి, గేదె వట్టిపోయినామెకు నూటికి రూపాయి చొప్పున ఇవ్వాలని రాత్రి మేము వెళ్లాక తీర్మానం రాశారట. పది సంతకాల్లో ఏడు పడ్డాయి. మిగతా ముగ్గురూ తెల్లవారుజామునే కోతకు వెళ్లిపోయారు, సాయంత్రం పెడతారు. బ్యాంకుకు సోమవారం వెళ్తారు.