గుత్తి కోట నుంచి కాంగ్మారు లా దాకా: ఏ పొర ఎప్పుడు వేయాలి

గుత్తి కోట, మే

లడఖ్‌లోని మార్ఖా లోయ ట్రెక్ కోసం కొన్న ఫుల్ హ్యాండ్స్ పాలిస్టర్ చొక్కా ఒకరోజు, మామూలు కాటన్ చొక్కా ఒకరోజు వేసుకుని కోట ఎక్కి చూస్తున్నాను. బ్యాగు ఆనే చోట రెండూ తడిసి ముద్దవుతాయి. పైన నీడలో కూర్చుంటే పాలిస్టర్ కాసేపట్లో ఆరిపోతుంది, కాటన్ కిందికి దిగేదాకా వీపుకు అంటుకునే ఉంటుంది. మన దగ్గర ఆ తడి హాయిగానే ఉంటుంది కానీ, 5,000 మీటర్ల ఎత్తులో గాలి కొట్టిందంటే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. అందుకే బనియన్‌తో సహా కాటన్‌ను పక్కన పెట్టేశాను.

"అన్నా, అనంతపురం ఎండలో పెరిగినోళ్ళం, లడఖ్ ఎండ మనల్నేం చేస్తుంది?" అన్నాడు మా తమ్ముడు. ఇక్కడ వడగాలే మనల్ని నీడకు తరుముతుంది. అక్కడ గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎండలోనే ఉండిపోతాం. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు సుమారు పదో వంతు పెరుగుతాయి. చర్మం కాలిన సంగతి సాయంత్రానికి గానీ తెలియదు. అందుకని కాలర్ ఎత్తి, మెడ కప్పే టోపీ పెట్టి, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయాలి.

మార్ఖా లోయ, సెప్టెంబర్

నిమాలింగ్ క్యాంపు దాదాపు 4,800 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్యాహ్నం ఒక్క చొక్కాతో తిరిగాం. సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళగానే ఎవరో ఫ్యాన్ స్విచ్ వేసినట్టు చలి మొదలైంది. అప్పటికే వణుకు పుట్టిందంటే ఈకలు నింపిన డౌన్ జాకెట్ వేసుకున్నా వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అది ఒంటి వేడిని పట్టి ఉంచుతుందే తప్ప సొంతంగా వేడి పుట్టించదు మరి. కొండ నీడ మన గుడారం దాకా రాకముందే వేసుకోవాలి. దానికంటే ముందు చెమట చొక్కా విప్పి, రాత్రికని విడిగా దాచిన పొడి థర్మల్స్ వేసుకోవాలి.

తెల్లారేసరికి గుడారం లోపలి గుడ్డ మీద మంచు పేరుకుంది. ఇక్కడ చాలామంది డౌన్ జాకెట్‌తోనే నడక మొదలుపెడతారు. ఎక్కుడులో అది లోపల చెమటకు తడిసి, ఈకలు ఉండలు కట్టి, వెచ్చదనం పోతుంది. నేను దాన్ని బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టి థర్మల్, ఫ్లీస్, విండ్‌చీటర్‌తో బయలుదేరాను. మొదటి పది నిమిషాలు కాస్త చలి వేయాలి, వేయలేదంటే ఒక పొర ఎక్కువైనట్టే. మెడ వెనక చెయ్యి పెడితే చెమ్మ తగిలింది, ఫ్లీస్ తీసేశాను.

దాదాపు 5,200 మీటర్ల ఎత్తున్న కాంగ్మారు లా కనుమ మీద ఎండ కళ్ళు చెదిరేలా ఉంది, గాలి మాత్రం కోసేస్తోంది. ఆగీ ఆగకముందే, ఫొటోల సంగతి తర్వాత అనుకుని, విండ్‌చీటర్ మీదే డౌన్ జాకెట్ వేశాను. దాన్ని ఒక సైజు పెద్దది కొన్నది ఇందుకే. దిగుడు మొదలయ్యేటప్పుడు తీసేశాను. గాలి తగ్గాక ఒక మలుపులో థర్మల్ కూడా విప్పి ఆ పాలిస్టర్ చొక్కాకు మారాను.

ఇంకా కుదరనిది గ్లవ్స్ సంగతి. మందపాటివి వేసుకుంటే జిప్ దొరకదు, తీస్తే వేళ్ళు కొయ్యబారతాయి. ఈసారి లోపల పలచని జత వేసుకుని చూడాలి.