రెండు వారాలకు సగం కంతు: మా ఇంటి అప్పు మీద నేను చేసి చూసింది

అనంతపురంలో మేము ఇల్లు కొన్నది 2023 ఆగస్టులో. బ్యాంకు అప్పు 25 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు, నెల కంతు 21,696 రూపాయలు. కాగితాల మీద సంతకాలు పెట్టి వచ్చిన రాత్రి కంతును 240తో గుణించాను. 52 లక్షలు దాటింది. అంటే వడ్డీయే 27 లక్షల పైచిలుకు, తెచ్చుకున్న అసలు కంటే ఎక్కువ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్లో ఇది చెప్పుకుంటే, "అక్కా, ఇక్కడ చాలామంది నెల కంతులో సగం రెండు వారాలకోసారి కడతారు. నీ అప్పు మూడున్నర ఏళ్ల ముందే తీరిపోతుంది" అన్నాడు. నేను కాలేజీలో కామర్స్ చెబుతాను. వినగానే లెక్క వేయకుండా ఉండలేను. ఒకటో తారీఖున 10,848, పదహారో తారీఖున 10,848 అని వేసి చూశాను. ఇరవై ఏళ్లకు మిగిలింది పది వేల లోపే. గడువులో ఒక నెల కూడా పూర్తిగా తగ్గలేదు. వాడేదో పొరబడ్డాడనుకున్నాను.

పొరబడింది నేనే. మన నోట్లో "పదిహేను రోజులకోసారి" అన్నా "రెండు వారాలకోసారి" అన్నా ఒకటే. లెక్కలో మాత్రం కాదు. నెలకు రెండుసార్లు కడితే ఏడాదికి 24 సగాలు, అంటే సరిగ్గా 12 కంతులు. పద్నాలుగు రోజులకోసారి కడితే ఏడాదికి 26 సగాలు, అంటే 13 కంతులు. అమెరికాలో చాలా ఉద్యోగాలకు జీతం రెండు వారాలకోసారే వస్తుంది కాబట్టి, ఆ పదమూడో కంతు వాళ్లకు తెలియకుండానే వెళ్లిపోతుంది.

ఎవరైనా సరిచూసుకోవాలంటే ఎక్సెల్‌లో ఈ నాలుగు వరుసలు చాలు. ఎన్ని వాయిదాల్లో అప్పు తీరుతుందో అదే చెబుతుంది.

```
=NPER(8.5%/12, -21696, 2500000)
=NPER(8.5%/24, -10848, 2500000)
=NPER(8.5%/26, -10848, 2500000)
=NPER(8.5%/12, -23504, 2500000)
```

మొదటిది మామూలు నెల కంతు, జవాబు 240 నెలలు. రెండోది నెలకు రెండు సగాలు, 479 వాయిదాలు, అంటే దాదాపు అదే ఇరవై ఏళ్లు. మూడోది తమ్ముడు చెప్పింది. 429 వాయిదాలు, అంటే పదహారున్నర ఏళ్లు. వడ్డీ 27 లక్షల నుంచి ఇరవై ఒకటిన్నర లక్షలకు దిగుతుంది. ఐదున్నర లక్షలు మిగులు. నాలుగో వరుస సంగతి తర్వాత చెబుతాను, నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే.

లెక్క కుదిరింది కదా అని బ్యాంకులో ఎవరినీ అడగకుండా మొదలుపెట్టాను. మొదటి కంతు సెప్టెంబర్ 5న మామూలుగా కట్ అయింది. తర్వాత సెప్టెంబర్ 8 శుక్రవారం ఒక సగం, 22 శుక్రవారం ఇంకో సగం నేరుగా లోన్ ఖాతాలోకి పంపాను. అక్టోబర్ కంతు కట్టేశానన్న ధీమాతో ఖాతాలో మిగిలిన డబ్బు ఇంటి ఖర్చులకు వాడుకున్నాను. అక్టోబర్ 5న ఆటో డెబిట్ తన పాటికి తాను 21,696 కోసం వచ్చింది. డబ్బు లేదు, బౌన్స్ అయింది. ఛార్జీ 590 రూపాయలు.

బ్రాంచికి పరుగెత్తాను. లోన్ సెక్షన్‌లో ఆయన ఓపిగ్గానే చెప్పారు. "మేడమ్, మీరిచ్చిన మాండేట్ నెలకోసారి పూర్తి కంతు లాగడానికి. మధ్యలో మీరు ఎంత వేశారో దానికి తెలీదు. మీరు పంపిన రెండు సగాలూ రాబోయే కంతుకు అడ్వాన్స్‌గా పక్కన ఉన్నాయి." ఆ డబ్బును అక్టోబర్ కంతు కిందే సర్దారు. కంతు బాకీ పడలేదు గానీ ఛార్జీ మాత్రం పోయింది.

అడ్వాన్స్ అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. స్టేట్‌మెంట్ తీసి చూశాను. సెప్టెంబర్ కంతులో వడ్డీ 17,708, అక్టోబర్‌లో 17,680. తేడా 28 రూపాయలు. నేను ఏమీ చేయకపోయినా తగ్గే తేడా అది. మొదటి కంతులో అసలు కింద పోయిన 3,988 రూపాయల మీద వడ్డీ ఆగినందుకు వచ్చింది. నా సగాలు పడిన రోజే అసలులో తగ్గి ఉంటే, ఒకటి 27 రోజులు, ఇంకోటి 13 రోజులు ముందే చేరాయి కాబట్టి, ఇంకో 101 రూపాయలు తగ్గాలి. తగ్గలేదు. నా డబ్బు బ్యాంకులో ఊరికే కూర్చుంది.

రోజువారీ నిల్వ మీద వడ్డీ వేసి, ఏ రోజు జమ చేస్తే ఆ రోజే అసలు తగ్గించే లోన్ ఖాతాలూ ఉన్నాయి. మనది ఏ రకమో అడిగితే కౌంటర్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. నమ్మకంగా తెలిసేది స్టేట్‌మెంట్‌లోనే. డబ్బు వేసిన రోజున అసలు బాకీ అంత మేరా తగ్గిందా, తర్వాతి కంతులో వడ్డీ మామూలు కంటే ఎక్కువ తగ్గిందా, ఈ రెండూ చూస్తే చాలు.

ఆ తర్వాత దారి మార్చాను. కంతు జోలికి పోలేదు. ఆటో డెబిట్ ఉన్న సేవింగ్స్ ఖాతాను కంతుకే విడిచిపెట్టి, జీతం వచ్చే ఖాతా నుంచి రెండు వారాలకోసారి శుక్రవారం 10,848 అందులోకి వేస్తూ పోయాను. ప్రతి 5న పూర్తి కంతు కట్ అవుతుంది. రెండు శుక్రవారాల నెలల్లో లెక్క సరికి సరి. 2023 డిసెంబర్‌లో 1, 15, 29 తేదీలతో మూడు వాయిదాలు పడ్డాయి, ఒక సగం మిగిలింది. 2024 మేలో 3, 17, 31 పడ్డాయి, ఇంకో సగం మిగిలింది. రెండూ కలిపితే ఒక నిండు కంతు. మా బ్యాంకులో పార్ట్ పేమెంట్ అంటే కనీసం ఒక కంతు ఉండాలి, అందుకే ఆగాను. మే 31న 21,696 పార్ట్ పేమెంట్‌గా కట్టాను. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును ముందే కట్టినందుకు జరిమానా వేయొద్దని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే బ్యాంకులకు చెప్పింది కాబట్టి ఆ ఖర్చు లేదు.

ఇక్కడే ఇంకో దెబ్బ తప్పించుకున్నాను. వారానికి కొత్త షెడ్యూల్ వచ్చింది. కంతు 21,505 అని ఉంది, గడువు మాత్రం కదల్లేదు. కట్టిన డబ్బును కంతు తగ్గించడానికి వాడారు. నెలకు 191 రూపాయలు తగ్గితే ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు, అలా కరిగిపోతుంది. మళ్లీ వెళ్లి "కంతు పాతదే ఉంచండి, గడువు తగ్గించండి" అని రాసిచ్చాను. రెండో షెడ్యూల్‌లో కంతు 21,696. అప్పటికి మిగిలిన కంతులు 231 ఉండాల్సింది 226కు దిగాయి.

ఆ 226 అంకెను చాలాసేపు చూశాను. ఒక్క కంతు అదనంగా కడితే చివరి నుంచి ఐదు పోయాయి. తొమ్మిదో నెలలో కట్టిన 21,696 రూపాయలు ఇంకో పంతొమ్మిదేళ్ల పాటు వడ్డీ మీద వడ్డీ కాకుండా ఆగింది కాబట్టి అలా జరిగింది. అదే కంతు పదిహేనో ఏట కడితే రెండు కూడా పోవు.

అయితే జీతగాళ్లకు ఈ రెండు వారాల పద్ధతి సుఖంగా లేదు. మాకు జీతం నెలకోసారే వస్తుంది. మూడు శుక్రవారాలు పడే నెలలో ఒక్క జీతంలోంచి 32,544 తీయాలి. మే నెలలో అది పడిందంటే పక్కనే పిల్లల బడి ఫీజులు కాచుకుని ఉంటాయి. ఆ నెల మా ఆయన చిట్టీ కోసం దాచింది వాడాల్సి వచ్చింది. అప్పుడే నాలుగో వరుస తీశాను. కంతును పన్నెండుతో భాగిస్తే 1,808. నెల కంతుతో పాటు ఆ 1,808 కూడా నెలనెలా అసలుకు పోతే, అంటే 23,504 కడితే, 198 నెలల పైన కొన్ని రోజులకు తీరిపోతుంది. అదే పదహారున్నర ఏళ్లు! వడ్డీలో తేడా చూశాను, రెండు వారాల పద్ధతి కంటే దాదాపు తొమ్మిది వేలు ఎక్కువ. అంతే. ఐదున్నర లక్షల మిగులులో రెండు వారాల గొప్ప ఆ తొమ్మిది వేలే. మిగతా అంతా పదమూడో కంతుది.

అందుకే 2024 జూన్ నుంచి శుక్రవారాలు మానేశాను. నెలకు 1,808 రికరింగ్ డిపాజిట్‌లో వేసి, ఏడాది నిండగానే ఒక కంతుగా కట్టి, గడువు తగ్గించమని రాసిస్తున్నాను. నెలనెలా కట్టిన దాని కంటే ఏడాదికోసారి కడితే చివర్లో సుమారు రెండు నెలలు ఆలస్యం అవుతుంది. నెలనెలా బ్యాంకు చుట్టూ తిరగడం కంటే నాకు అది నయం. 2025లో రెపో రేటు తగ్గాక మా వడ్డీ కూడా దిగింది. కంతు తగ్గించమనలేదు, గడువే తగ్గనిచ్చాను. పైన చెప్పిన అంకెలన్నీ 8.5 దగ్గరే నిలిపి వేసినవి.

మొన్న బుక్కరాయసముద్రంలో మా చిన్నాన్న ఈ సంగతి విని ఉత్సాహపడ్డాడు. ఆయనకూ ఇంటి అప్పు ఉంది, ఎనుములున్నాయి, పాల బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది. "నాకైతే బాగా కుదురుతుంది కదమ్మా, బిల్లు రాగానే సగం కంతు వేస్తా" అన్నాడు. పాల పుస్తకం తెమ్మని, ఏడాదిలో బిల్లులు లెక్కపెట్టించాను. 24. పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాడు. "అయితే ఇంకో రెండు సగాలు ఎక్కడి నుంచి తేవాల?" అన్నాడు. బిల్లుకు 904 రూపాయలు నేనైతే పక్కన పెట్టేదాన్ని, ఆయన కంతు కూడా ఇంచుమించు మాదంతే. ఆయన అలా కాదన్నాడు. చెనిక్కాయలు అమ్మిన వారంలో ఒక కంతు బ్యాంకులో కట్టి వస్తాడట. గడువు తగ్గించమనే కాగితం మాత్రం నన్నే రాసిమ్మన్నాడు. రాసిచ్చాను, బీరువాలో పాల పుస్తకం మధ్యలో పెట్టుకున్నాడు.