ఫెరిటిన్ 17, రిపోర్టులో మాత్రం నార్మల్

మారథాన్ ట్రైనింగ్ లాగ్, రక్త పరీక్షల భాగం

తేలిక పరుగుకే గుండె వేగం 160 దాటుతోంది, మెట్లెక్కితే తొడలు లాగేస్తున్నాయి. కంటినిండా నిద్రపోతున్నా ఇదే వరస. పరీక్షకు ముందు రెండు రోజులు గట్టి పరుగులు పెట్టుకోలేదు, జలుబూ జ్వరమూ లేని రోజు చూసుకున్నాను. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, అంతకుముందే గట్టిగా పరిగెత్తినా, ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతో చెప్పే ఫెరిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపించవచ్చు. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ బిళ్లలు కూడా మూడు రోజుల ముందే ఆపాను, అవి కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ అంకెల్ని తారుమారు చేస్తాయి.

మొదటి రిపోర్టు

హిమోగ్లోబిన్ 13.1. ఫెరిటిన్ 17, ల్యాబు ఇచ్చిన హద్దు 13 నుంచి 150. విటమిన్ డి 24. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ 4.9, హద్దు కంటే కాస్త పైన.

ఎర్ర గుర్తు పడింది టీఎస్‌హెచ్ పక్కనే కాబట్టి ఎవరికైనా చూపు అక్కడికే పోతుంది. డాక్టర్ మాత్రం ముందు ఫెరిటిన్ చూశారు. రక్తహీనత రాకముందే ఇనుము నిల్వ ఖాళీ అవుతుంది, అందుకే హిమోగ్లోబిన్ బాగున్నా నీరసం రావచ్చు. పరిగెత్తేవాళ్లలో 30 కంటే తక్కువుంటే చాలామంది స్పోర్ట్స్ డాక్టర్లు పట్టించుకుంటారు. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ, రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంతవరకు నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా చేయించమన్నారు: మొదటిది మామూలుగా ఉంది, రెండోది 14 శాతం, అంటే తక్కువే. ఇనుము లోటు ఖాయమైంది.

ఇక నేనడిగినవి. ఇనుము ఎటు పోతోంది? నెలసరి ఎక్కువగా అవుతోందా, కడుపులో రక్తస్రావం ఉందా, తిండి పరుగుకు సరిపోతోందా అని ఆవిడే ఎదురు ప్రశ్నలు వేశారు. థైరాయిడ్ బిళ్ల కావాలా? ఒక్క అంకె చూసి మొదలుపెట్టరట, రెండు నెలలాగి థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4, థైరాయిడ్ మీద ఒళ్లే దాడి చేస్తోందేమో చూపే యాంటీ టీపీఓతో కలిపి మళ్లీ చూద్దామన్నారు. ఒకవేళ ఆ బిళ్ల మొదలైతే ఇనుముకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి 20 లోపు లేదు కాబట్టి చిన్న మోతాదు చాలన్నారు. నా నీరసాన్ని దాని మీదకు నెట్టడం నాకూ నచ్చలేదు.

మాత్రల వరస

ఐరన్ రోజు విడిచి రోజు, పొద్దున పరుగు అవగానే. పరుగు తర్వాత కొన్ని గంటలకు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఇనుమును పేగు దగ్గరే అడ్డుకుంటుంది, ఆ లోపే వేసుకోవాలి. టీ, కాఫీ, కాల్షియం దరిదాపుల్లో ఉండకూడదు. మలం నల్లబడుతుంది, కంగారు పడక్కర్లేదు. మాత్ర వేసుకోకుండానే నల్లబడితే మాత్రం డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. పరీక్ష లేకుండా ఐరన్ మొదలుపెట్టడం నేను ఒప్పుకోను, కొందరికి పుట్టుకతోనే ఒంట్లో ఇనుము పేరుకుపోయే గుణం ఉంటుంది.

రెండో రిపోర్టు

ఫెరిటిన్ 36, టీఎస్‌హెచ్ 3.2, ఫ్రీ టీ4 మామూలు, యాంటీ టీపీఓ నెగటివ్. అదే వేగానికి గుండె 150 దగ్గర నిలుస్తోంది. థైరాయిడ్ బిళ్ల మాట పక్కకెళ్లింది. నెలసరి ఎక్కువగా అవుతున్న సంగతి తేలింది కాబట్టి వచ్చేవారం గైనకాలజిస్టు దగ్గరికి.