నలభై బస్తాలు, పది క్వింటాళ్లు

ఈ రోజు సగం ఒక్క బియ్యం బిల్లుకే సరిపోయింది. మా హాస్టల్ మెస్‌కు వచ్చే బిల్లులను స్కాన్ చేస్తే ప్రోగ్రామ్ వాటిలోని వరుసలను విడదీసి షీటులో పెడుతుంది. అన్నిటినీ కిలోల్లోకి మార్చి, పది రోజుల వాడకం లెక్క తీయడం నా పని. పొద్దున మొత్తం చూస్తే, 260 మంది పిల్లలున్న హాస్టల్‌కు ఒక్క బిల్లులోనే 4,000 కిలోల సోనా మసూరి దిగినట్టుంది. అంటే పది రోజులకు తలా పదిహేను కిలోలు! కర్నూలు సోనా ఎంత రుచిగా ఉన్నా పిల్లలు అంత తినలేరు.

బిల్లు తీసి చూశాను. పరిమాణం గడిలో 40 అని మాత్రమే ఉంది. పక్కన రేటు గడిలో 5200, దాని కింద చిన్న అక్షరాల్లో QTL. ప్రోగ్రామ్ ఆ QTLను పట్టుకుని 40 క్వింటాళ్లనుకుంది, వందతో గుణించింది. నిజానికి ఆ నలభై బస్తాలు. రేటు మాత్రం క్వింటాలుకు. బియ్యం వ్యాపారంలో ఇది మామూలే: లెక్కపెట్టేది బస్తాల్లో, ధర చెప్పేది క్వింటాల్లో.

మొత్తం 54,080 రూపాయలు. దాన్ని 5200తో భాగిస్తే 10.4 వచ్చింది. అంటే 10.4 క్వింటాళ్లు, 1,040 కిలోలు. 1,040ని నలభై బస్తాలకు పంచితే బస్తాకు సరిగ్గా 26 కిలోలు. ఆ 26 చూడగానే మనసు కుదుటపడింది. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకంటే తక్కువ తూకమున్న లేబుల్ బస్తాలకు 5 శాతం జీఎస్టీ పడింది. అప్పటి నుంచి మిల్లుల వాళ్లు ఒక కిలో ఎక్కువ పోసి 26 కిలోల బస్తాలు కడుతున్నారు. పిల్లల లెక్క కూడా కుదిరింది: రోజుకు తలా 400 గ్రాములు.

ఇక మీదట ప్రతి వరుసలోనూ మొత్తాన్ని రేటుతో భాగించి, అచ్చులో ఉన్న సంఖ్యతో పోల్చమని షీటులో ఒక గడి పెట్టాను. రెండూ కలవకపోతే ఆ వరుస ఎర్రబడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. హమాలీ కలపకముందు ఉన్న మొత్తాన్నే తీసుకోవాలి. అదే బిల్లులో 200 రూపాయల హమాలీ కలిసిపోయి ఉంటే బస్తాకు 26.1 కిలోలు వచ్చేది. అలాంటి తూకంతో బస్తా ఎవరూ కట్టరు.

మధ్యాహ్నానికి ఎర్రబడ్డ వరుసలన్నీ సరిచేశాను. తీరా చూస్తే అసలు తప్పు ఎర్రబడని వరుసలో ఉంది. టమాటా 12 BOX, రేటు 300, మొత్తం 3,600. భాగిస్తే పన్నెండే వస్తుంది, గడి నిశ్చింతగా ఉంది. రేటు కూడా బాక్సుకే కాబట్టి, బాక్సులో ఎంత పట్టినా ఆ లెక్క తప్పదు. నేను వేరే వ్యాపారి బాక్సు 25 కిలోలని ఇక్కడా అదే పెట్టాను. అలా చూస్తే కిలో 12 రూపాయలే పడింది. అదే రోజు కిలోల్లో కొన్న ఇంకో బిల్లులో 20 ఉంది.

వ్యాపారికి ఫోను చేశాను.

“అన్నా, మీ టమాటా బాక్సులో ఎన్ని కిలోలు?”

“ఏ బాక్సు అమ్మా? పెద్దదా, చిన్నదా?”

“బిల్లులో బాక్సు అనే ఉందన్నా.”

“మీకు పంపింది చిన్నదమ్మా, పదిహేను కిలోలు. పెద్దవి పోయిన నెలతోనే ఆపేశాం.”

15తో లెక్కిస్తే కిలో 20 రూపాయలు, సరిపోయింది. క్వింటాలు ఎవరి దగ్గరైనా వంద కిలోలే. బాక్సు మాత్రం ఎవరి బాక్సు, ఏ సరుకు, ఏ తేదీ నుంచి అని మూడూ తెలిస్తేనే ఒక కొలత. అందుకే ఆ మూడింటితో వేరే పట్టిక రాసుకున్నాను. పట్టికలో లేని బాక్సు వస్తే కిలోల గడి ఖాళీగా ఉంటుంది, సున్నా కూడా పడదు. బిల్లులో అచ్చయిన 12, BOX అనేవి వాటి గడుల్లో అలాగే ఉంటాయి.

సాయంత్రం మేనేజరు సార్ వచ్చి గుడ్లు, అరటిపండ్లు కూడా కిలోల్లోనే కావాలన్నారు. గుడ్లు వద్దని ఒప్పించాను. ఒక్కో అట్టలో 30 చొప్పున ఏడు అట్టలు, పెట్టెకు 210 గుడ్లు. వాటిని లెక్కపెడితే చాలు. అరటిపండ్ల దగ్గర ఆయన పట్టు విడవలేదు. “డజనుకు ఎంతో కొంత ఉంటుంది కదమ్మా, వేసేయండి” అన్నారు. వంటగది తక్కెడలో రెండు డజన్లు విడివిడిగా తూచాను. ఒకటి కిలో 620 గ్రాములు, ఇంకొకటి కిలో 390. రెండూ ఒక చీటీ మీద రాసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. అరటిపండ్ల వరుసలో కిలోల గడి ఇంకా ఖాళీగానే ఉంది.