చేతికొచ్చిన 12 లక్షలు: ఒకేసారా, విడతలుగానా?

ఊళ్లో స్థలం అమ్మాక, పన్నుకు కావాల్సింది పక్కన తీసేస్తే నా వాటాలో 12 లక్షలు మిగిలాయి. పదేళ్ల దాకా అవసరం లేని డబ్బు కాబట్టి నిఫ్టీ సూచీలోని షేర్లన్నీ అదే పాళ్లలో కొనే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాలనుకున్నాను. తేల్చుకునేదాకా ఉండటానికి అదే ఫండ్ కంపెనీ లిక్విడ్ ఫండ్‌లో, అంటే పెద్దగా ఒడిదుడుకులు లేని తక్కువ కాలపు అప్పుల ఫండ్‌లో వేశాను. ఒక ఫండ్ నుంచి మరోదానికి డబ్బును విడతలుగా మార్చే ఎస్‌టీపీ పెట్టాలంటే రెండు ఫండ్లూ ఒకే కంపెనీవి కావాలి మరి.

"మార్కెట్ పడ్డాక పెడుదువులే బావా" అన్నాడు మా బావమరిది. పడేలోపు ఎంత పెరుగుతుందో మాత్రం చెప్పలేదు!

అమెరికా ఫండ్ సంస్థ వాన్‌గార్డ్ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల పాత లెక్కలు తీసి చూసింది. ఒకేసారి పెట్టినవాళ్లు, ఏడాదిపాటు విడతలుగా పెట్టినవాళ్ల కంటే దాదాపు మూడింట రెండొంతుల సార్లు ముందున్నారు. కారణం మామూలుదే: మార్కెట్ పడే ఏళ్ల కంటే పెరిగే ఏళ్లే ఎక్కువ, బయట వేచి ఉన్న డబ్బుకు ఆ పెరుగుదల దక్కదు.

నా డబ్బుకు దీని ఖరీదెంతో లెక్కేసుకున్నాను. షేర్లలో 12 శాతం, లిక్విడ్‌లో ఆరున్నర వస్తాయనుకుంటే తేడా ఐదున్నర శాతం. ఏడాది విడతల్లో సగటున సగం డబ్బు బయటే ఉంటుంది. అంటే 33 వేల దాకా వదులుకోవాలి.

మిగిలిన ఒక వంతు సార్ల సంగతీ చూడాలి కదా. 2008 జనవరి 8న 6,287 దగ్గర ముగిసిన నిఫ్టీ అక్టోబరు 27 నాటికి 2,524కి పడింది. ఆ శిఖరం మీద పెట్టిన 12 లక్షలు ఐదు లక్షల లోపుకు వచ్చేవి. విడతలవాళ్లకు చాలా యూనిట్లు చవగ్గా దొరికేవి. అలాగని విడతలు శాశ్వత రక్షణేం కాదు. పదమూడో నెలకి డబ్బంతా మార్కెట్లోనే ఉంటుంది, పద్నాలుగో నెలలో పడితే మొత్తానికీ దెబ్బే. సగం పడితే నిద్రపట్టదనుకునేవాళ్లు విడతలు పెంచడం కాదు, షేర్ల వాటానే తగ్గించుకోవాలి.

నేను ఆరు లక్షలు వెంటనే పెట్టి, మిగతా ఆరూ ఆరు నెలల్లో నెలకో లక్ష చొప్పున మార్చాను. పై లెక్క ప్రకారం దీని ఖర్చు ఎనిమిది వేల చిల్లర. మొదటి నెలలోనే మార్కెట్ కూలితే నన్ను నేను తిట్టుకోకుండా ఉండటానికి ఆ మాత్రం ఇవ్వొచ్చనిపించింది. తారీఖు ముందే ఖాయమైపోవడంతో ప్రతి నెలా మళ్లీ ఆలోచించే పనీ తప్పింది.

ఎస్‌టీపీలో కదిలే ప్రతి లక్షా లిక్విడ్ ఫండ్ అమ్మకం కిందే లెక్క. అందులోని లాభం చిన్నదే అయినా మన శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. రిటర్నులో ఆ ఆరు అమ్మకాలూ చూపించాలి.