పలక కుకీల మీద ఆరని రాయల్ ఐసింగ్: నా అనుభవం

విజయదశమికి ముందు రోజు పొద్దున పది గంటలకు, కుకీలు చేయించుకున్న ఆవిడ నేనిచ్చిన డబ్బా మా ఇంటికి తిరిగి తెచ్చింది. మేముండేది తిరుపతిలో, కొర్లగుంట వైపు. వాళ్ల బాబు అక్షరాభ్యాసానికి ముప్పై పలక కుకీలు అడిగింది. నల్లటి పలక, చుట్టూ గోధుమరంగు చట్రం, మధ్యలో తెల్లగా అ. అంతకు ముందు రోజు సాయంత్రమే ఇచ్చేశాను. రాత్రంతా డబ్బాలో ఉన్నాక నలుపు తెలుపులోకి పాకి, అ అనే అక్షరం బూడిద మరకలా మారింది. కొన్ని పలకల్లో అక్షరం కింద గుంట పడింది. "ఏందమ్మా ఇది, పిల్లోడు దిద్దకముందే చెరిగిపోయిందే" అని పక్కింటివాళ్ల ముందే అనేసింది. నాకు మాట రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

ఆ డబ్బు వాపసు ఇచ్చేస్తే సరిపోయేది. కానీ మర్నాడు తొమ్మిదింటికి ముహూర్తం, ఆవిడకు ఇంకో దారి లేదు. మళ్లీ చేసిస్తానని మాటిచ్చాను.

కుకీలు కాల్చడం తేలికే. పన్నెండు గంటలకల్లా అయిపోయి, రెండింటికి పూర్తిగా చల్లారాయి. రాయల్ ఐసింగ్ కూడా తేలికే. మామూలుగా గుడ్డు తెల్లసొనలో మెత్తటి చక్కెర పొడి కలిపి గిలకొట్టి చేసే పూత అది, ఆరితే గట్టిపడుతుంది. నవరాత్రులు కాబట్టి గుడ్డు వద్దన్నారు. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లను గుడ్డు తెల్లసొన అంత చిక్కగా మరిగించి చల్లార్చి, 75 మిల్లీలీటర్లు నురగ వచ్చేదాకా గిలకొట్టి, 450 గ్రాముల ఐసింగ్ షుగర్ కలుపుతాను. గిన్నెకు నూనె జిడ్డు ఉండకూడదు, ఉంటే నురగ రాదు. నలుపు మాత్రం ముందు రోజే చేసిపెట్టుకోవాలి. జెల్ రంగు కొద్దిగా వేసి ముదురు బూడిదరంగులో ఆపేసి మూత పెడితే, రాత్రికి రాత్రి అదే నల్లబడుతుంది. అప్పుడే నల్లగా కావాలని రంగు గుమ్మరిస్తే ఐసింగ్ ఆరడం ఆలస్యమై, పక్క రంగులోకి పాకుతుంది. నా అదృష్టం, మొదటిసారి చేసిన నలుపులో నీళ్లు కలపని గట్టి భాగం కొంత మూత పెట్టి ఉంచాను.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో ఆ మధ్యాహ్నం కూర్చుని ఆలోచించాను. నేను రెండువేలు కట్టి ఒక రోజు క్లాసుకు వెళ్లాను. నింపే ఐసింగ్ "తేనెలా" ఉండాలని అక్కడ చెప్పారు. ఏ తేనె? పుట్ట తేనె ఒకలా ఉంటుంది, చల్లటి రోజు సీసాలో గడ్డకట్టే తేనె ఇంకోలా ఉంటుంది. నేను అందంగా జారాలని నీళ్లు కలుపుతూ పోయాను. డబ్బులు తీసుకున్నవాళ్లు కొలత చెప్పాలి కదా, పోలిక చెప్పి పంపేస్తారా? ఆ కోపం నాకింకా తగ్గలేదు.

కొలత ఉంది, అది సెకన్ల లెక్క. గిన్నెలో ఐసింగ్ మీద చాకుతో ఒక గీత గీసి, ఒకటి, రెండు అని నిదానంగా లెక్కపెట్టాలి. గీత పూడిపోయి పైభాగం సమం కావడానికి ఇరవై, ఇరవై ఐదు సెకన్లు పడితే అది అంచు గీసేది. కోన్‌లోంచి టూత్‌పేస్ట్‌లా వచ్చి, గీసిన చోటే నిలబడుతుంది. పన్నెండు నుంచి పదిహేను సెకన్లు పడితే అది నింపేది. నేను ఆ రోజు చేసింది, ఇప్పుడు లెక్కేస్తే, అయిదు సెకన్లకే పూడిపోయే రకం. అది అంచు దాటి పొంగింది. అక్కడక్కడా పొంగినవి పక్కన పెట్టాను గానీ, లోపలి తడిని గుర్తించలేదు.

మా అత్తమ్మ తడి ముగ్గు వేస్తుంది. ఆవిడ మొదటి గిన్నె చూసి, "ఇంత పలచగా ఉంటే పిండి పైన తేలి ఆరినట్టు కనిపిస్తుంది, లోపల నీళ్లే" అంది. ఐసింగ్‌లోనూ అంతే. పైన పొర కట్టేస్తుంది, కింద తడి అలాగే ఉంటుంది. దానిమీద అక్షరం రాస్తే ఆ బరువుకు పొర కుంగి గుంట పడుతుంది. పైగా మనం కలిపిన ప్రతి చుక్క నీరూ మళ్లీ గాల్లోకి పోవాల్సిందే. దసరా రోజుల్లో మా ఊళ్లో మబ్బు పట్టి గాలి చెమ్మగా ఉంటే ఆ నీరు ఎటు పోతుంది? ఎనిమిది గంటల్లో ఆరిపోతుందని వీడియోల్లో చెప్పేది చెమ్మ లేని ఊళ్ల మాట. ఇక్కడ వానాకాలంలో పూర్తి రోజు పట్టొచ్చు. పైగా మొదటిసారి చీమల భయంతో ట్రేల మీద పళ్లేలు బోర్లించాను. ఆ మూతే తడిని బయటికి పోనివ్వలేదు.

రెండోసారి గట్టి నలుపు తీసుకుని, నీళ్లు అర టీస్పూన్ చొప్పున కలుపుతూ, ప్రతిసారీ గీత గీసి లెక్కపెట్టాను. పదిహేను సెకన్ల దగ్గర ఆపేశాను. ఒక గిన్నె పదికి వచ్చేసింది. దానికి పక్కన ఉంచిన గట్టి ఐసింగ్ ఒక చెంచా కలిపితే పధ్నాలుగుకు పెరిగింది. గోరింటాకు కోన్‌లా చుట్టిన పాలిథిన్ కోన్‌తో అంచు గీసి, పావుగంట ఆగి లోపల నింపాను. అంచు దాకా నింపకుండా కొంచెం ఇవతల ఆపి, పుల్లతో అంచుకు జరపాలి. బుడగలు వస్తే అదే పుల్లతో వెంటనే పొడవాలి, పది నిమిషాలు ఆగితే పొర కట్టి మచ్చ మిగులుతుంది.

నాలుగింటికల్లా అన్నీ ఏసీ గదిలో పరుపు మీద పరిచిన ట్రేల్లోకి చేరాయి. ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, టేబుల్ ఫ్యాన్ ఓ పక్కనుంచి తిప్పాను. నింపిన వెంటనే గాలి తగిలితే పొర త్వరగా గట్టిపడుతుంది, గుంటలు తగ్గుతాయి, మెరుపు కూడా బాగుంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే చెమర్చి రంగు కారిపోతుంది. చీమలు ఎక్కకుండా మంచం కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాను.

రాత్రి పదింటికి ఒక కుకీని బలి ఇచ్చి మధ్యలోకి విరిచి చూశాను. నలుపు పైనుంచి కింద దాకా ఒకేలా పెళుసుగా విరిగింది. వేలు పెడితే చల్లగా తగల్లేదు, అంటే తడి పోయినట్టే. అప్పుడే తెల్ల ఐసింగ్‌తో అ రాయడం మొదలుపెట్టాను. తెలుపును ఇరవై ఐదు సెకన్ల చిక్కదనంలోనే ఉంచాను, ఒక్క చుక్క నీరు కూడా కలపలేదు. అక్షరంలో సున్నాలా చుట్టుకునే చోట కోన్‌ని ఎత్తి దారంలా వదలాలి, అదిమితే గీత వంకరపోతుంది. తెలుగు అక్షరాల గుండ్రదనం కోన్‌తో ఇలా తేవడంలో మా ఏరియాలో నా అంత వాళ్లు లేరని ధైర్యంగా చెబుతాను. ఇరవై తొమ్మిది పలకలు అయ్యేసరికి పన్నెండున్నర.

పొద్దున ఏడింటికి గోరుతో తడితే టక్‌మంది. ఒక్కో పలకను విడిగా కవర్లో పెట్టి, డబ్బాలో ఒకే వరసలో పరిచాను. ఏడున్నరకు ఆవిడ వచ్చి, అ మీద వేలుతో నెమ్మదిగా దిద్ది చూసింది. వేలికి ఏమీ అంటలేదు. విరిచిన ఆ ఒక్కదాని బదులు ఏమివ్వాలని అడిగితే, "అదేం వద్దులే అమ్మా, ముహూర్తానికి నువ్వూ రా" అంది.