నెల వీడియోలు ఒక్క పూటలో తీశాం, పెదవులకూ మాటకూ పొత్తు కుదరలేదు

మావి పదో తరగతి లెక్కల పాఠాలు, నెలకు ఎనిమిది. అనంతపురంలో ఏప్రిల్ ఎండకు ఫ్యాను ఆపి గదిలో కూర్చోగలిగేది పొద్దున తొమ్మిదిలోపే. అందుకే ఎనిమిదీ ఒక్క ఆదివారం తెల్లారగానే తీసేస్తాం.

తీయడంలో పెద్ద కష్టమేమీ లేదు. ఏ పాఠం తర్వాత ఏదో ముందురోజే కాగితం మీద రాసి గోడకు అంటిస్తే చాలు. నాలుగు పాఠాలయ్యాక సార్ చొక్కా మారుస్తారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫోన్లో ప్రో మోడ్ పెట్టి షట్టర్ 1/100 దగ్గర లాక్ చేస్తే ట్యూబులైటు వెలుగు వీడియోలో చారలుగా కదలదు. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ కూడా లాక్ చేయాలి. లేకపోతే ఎనిమిది పాఠాలకు ఎనిమిది రంగులు వస్తాయి, ఎడిటింగ్‌లో ఒక్కోదాన్నీ విడిగా దిద్దుకోవాలి.

అసలు తలనొప్పంతా సౌండ్ కలపడంలో వచ్చింది. బొమ్మ ఫోన్లో, మాట విడిగా కాలర్ మైకు ఉన్న రికార్డరులో. నాలుగేసి పాఠాలకు ఒక ఫైలు, ఫైలు నిడివి నలభై నిమిషాలు. బొమ్మనూ మాటనూ కలపడానికి గుర్తుగా ఫైలు మొదట్లో, చివర్లో చప్పట్లు కొట్టాం. మొదటి చప్పట్ల దగ్గర రెండూ అతికినట్టు కలిశాయి. మూడో పాఠానికి వచ్చేసరికి సార్ పెదవులు ఒకటి చెబుతుంటే మాట ఇంకొకటి వినిపిస్తోంది. చివరి చప్పట్ల దగ్గర చూస్తే తేడా పన్నెండు ఫ్రేములు. 30 ఫ్రేముల వీడియోలో అంటే దాదాపు అర సెకను. నిమిషం టెస్టులో ఇది బయటపడదు, అప్పటికి తేడా ఒక్క ఫ్రేము కూడా ఉండదు.

ఊళ్లో ఒక షాపులో చూపిస్తే, ఫైలు తెరిచైనా చూడకుండా, “మైకు పోయిందన్నా, కొత్తది తీసుకో” అన్నారు. నలుగురి ముందు, మనకేమీ తెలియదన్నట్టు. మైకు చెడితే గరగర వస్తుంది, మాట తెగుతుంది. మాట మెల్లమెల్లగా జరగడం మైకు జబ్బు కాదు. ఫైలు చూడకుండా సరుకు అంటగట్టేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

తప్పు ఎక్కడుందో ఇంట్లోనే తేలుతుంది. ఎడిటింగ్‌లో రికార్డరు ట్రాకును మ్యూట్ చేసి, ఫోను సొంతంగా పట్టిన సౌండ్ ఒక్కటే వినండి. అది కూడా పెదవులకు కలవకపోతే తప్పు ఫోను ఫైలుది. ఫోను సౌండ్ కలిసి, రికార్డరుది ఒక్కటే జారుతుంటే రెండు యంత్రాల గడియారాల మధ్య తేడా. మాకు ఫోను సౌండే కలవలేదు. ఫైలు వివరాలు చూపించే MediaInfo అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే Frame rate mode దగ్గర Variable అని ఉంది. అంటే సెకనుకు సరిగ్గా ముప్పై ఫ్రేములు కాకుండా, ఫోను తన వీలును బట్టి ఎక్కువో తక్కువో తీస్తూ పోయింది. వెలుతురు తగ్గినా, ఫోను వేడెక్కినా ఇలా జరుగుతుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రతి ఫ్రేమునూ సమానంగా పరుస్తాయి. దాంతో బొమ్మ కాలం సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది, సౌండ్ మాత్రం అసలు నిడివితోనే ఉంటుంది.

మందు సులువు. ఎడిటింగ్ మొదలుపెట్టకముందే ఫోను ఫైళ్లన్నీ వీడియోలను మార్చే HandBrake అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి, Video ట్యాబ్‌లో Framerate (FPS) దగ్గర 30, దాని కింద Constant Framerate ఎంచుకుని, నాణ్యతకు RF 18 పెట్టి క్యూలో వదిలేయాలి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు అయిపోతాయి. ఫైళ్లు పెద్దవవుతాయి, డిస్కులో చోటు చూసుకోండి.

ఇలా మార్చాక చివరి చప్పట్ల దగ్గర పన్నెండు ఫ్రేముల తేడా రెండుకు దిగింది. ఆ మిగిలిన రెండూ గడియారాల తేడా. దానికోసం సౌండ్‌ను సాగదీయక్కర్లేదు. ప్రతి పాఠం మొదట్లో సార్ చేత ఒక చప్పట్లు కొట్టించి, పాఠాన్ని పాఠంగా కోసి, విడివిడిగా కలిపితే సరిపోతుంది. నలభై నిమిషాలకు రెండు ఫ్రేములు జారేది పది నిమిషాల ముక్కలో అర ఫ్రేము, కంటికి దొరకదు. ఇప్పుడు మేం పాఠానికీ పాఠానికీ మధ్య ఫోను, రికార్డరు రెండూ ఆపేస్తాం. ఫోను కాస్త చల్లబడుతుంది కూడా.

ఆ తర్వాత పని పరుగే. ఒక్కో వీడియోను మొదటినుంచి చివరిదాకా పూర్తిచేయొద్దు, ఒక్కో పనిని ఎనిమిదింటికీ చేయండి. ముందు అన్నింటికీ సౌండ్ కలపడం, తర్వాత అన్నింట్లోనూ తడబాట్లు కోయడం. మొదటి పాఠానికి రంగు దిద్ది, అదే సెట్టింగు మిగతా ఏడింటికీ అతికించడం. టైటిల్, చివరి కార్డు ముందే పెట్టిన ఒక ఖాళీ ప్రాజెక్టును కాపీ చేసుకుంటే ఆ పనీ తప్పుతుంది.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక వీడియోల మొదలు చూసి వదిలేయకండి. ప్రతి దాంట్లోనూ చివరి అర నిమిషం సార్ పెదవులు చూస్తూ వినండి. ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయని తేలాకే షెడ్యూలులో పెట్టి, ఫోన్లోని అసలు ఫైళ్లు తీసేయండి.